దసరా అమ్మకాలను తేదీతో కాదు, తిథితో పోల్చండి

వేదిక మీది పెద్దలకు, వరంగల్ వ్యాపార మిత్రులకు నమస్కారం. అమ్మకాల అంచనా పట్టిక గురించి చెప్పమన్నారు. మొత్తం పద్ధతి చెప్పాలనే వచ్చాను కానీ, నిరుటి దసరా సంగతి చెప్పకుండా ముందుకు సాగలేను.

నేను లెక్కలు చూసే ఒక చీరల దుకాణానికి నిరుడు వేరొకరు పట్టిక తయారుచేసి ఇచ్చారు. అందులో ప్రతి వారాన్నీ కిందటి ఏడాది అదే తేదీల వారంతో పోల్చారు. దసరా 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చింది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కనుక పండుగ ముందుకు జరిగింది. పట్టిక జరగలేదు! బతుకమ్మ ఆడే రోజుల్లో ఆ దుకాణంలో సరుకు చాలలేదు. పండుగ అయిపోయాక మూటలు దిగాయి. ఆ సరుకు కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టింది యజమానే, పట్టిక ఇచ్చినవారు కాదు.

అంకెల్లో చూద్దాం, ఇవి ఉదాహరణకు అనుకున్నవి. 2024లో పండుగ హడావుడికి ముందు, మామూలు వారానికి సగటున 3 లక్షల అమ్మకం. దసరాకు ముందు వారం, అంటే అక్టోబరు 5 నుంచి 11 వరకు, 9 లక్షలు. అంటే మూడు రెట్లు. నిలబెట్టుకోవలసింది ఈ రెట్ల లెక్కనే, తేదీని కాదు. 2025లో హడావుడికి ముందు నాలుగు వారాల అమ్మకం 3.2, 3.4, 3.6, 3.4 లక్షలు. మూవింగ్ యావరేజి అంటే ఇదే, వారం గడిచేకొద్దీ పాత వారాన్ని వదిలి కొత్తదాన్ని చేర్చుకునే సగటు. ఆ నాలుగు అంకెలు B2 నుంచి B5 వరకు గడుల్లో ఉంటే:

```
=AVERAGE(B2:B5)
```

వచ్చేది 3.4. మూడుతో గుణిస్తే 10.2 లక్షలు. ఈ అంకె సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 1 వరకు ఉన్న వారానికి రావాలి. తేదీలను నమ్మిన పట్టిక దాన్ని అక్టోబరు 5 వారంలో వేసింది. అప్పటికే జమ్మి పంచుకోవడం కూడా అయిపోయింది.

మరొక్క మాట, దయచేసి రాసుకోండి. పండుగ వారాలను ఈ సగటులో కలపకండి. కలిపితే తర్వాతి నాలుగు వారాల అంచనా ఉబ్బిపోతుంది, పండుగ వెళ్లాక కూడా పట్టిక సరుకు తెమ్మంటూనే ఉంటుంది. అలాగే సరుకు అయిపోయిన రోజుకు పక్కన గుర్తు పెట్టండి. ఆ రోజు తక్కువ అమ్మకం గిరాకీ లేక కాదు.

బెల్లం వ్యాపారులు ఇక్కడ ఉన్నారు కనుక మేడారం సంగతీ చెప్పాలి. మహాజాతర రెండేళ్లకొకసారి. 2026 జనవరి 28న మొదలైన జాతరను 2025తో పోల్చి లాభం లేదు, 2024 ఫిబ్రవరి 21న మొదలైనదానితో పోల్చాలి. అయితే పాత జాతర ఒక్కటే చేతిలో ఉంటే ఆ రెట్ల లెక్కను పూర్తిగా నమ్మి మొత్తం సరుకు ఒకేసారి దించకండి.

ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది, దసరా అక్టోబరు 20కి వెళ్లింది. నిరుటి తేదీలనే పట్టుకుంటే ఈసారి చీరలు 18 రోజుల ముందే దిగుతాయి. మీ పట్టికలో తేదీ పక్కన ‘దసరాకు ఎన్ని వారాలు’ అని ఒక గడి చేర్చండి. చేర్చినవారు భోజనాల దగ్గర నాకు చూపించండి, కూర్చుని సరిచూద్దాం.