మేనేజర్ పైకి పంపగలిగే మెసేజ్

అందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా అకౌంట్స్ విభాగంలో మేనేజర్‌ని. నా టీమ్‌లో ఎప్పుడూ దాదాపు సగం మంది ఏజెన్సీ పేరోల్ మీదే ఉంటారు. "సార్, నన్ను పర్మినెంట్ చేస్తారా?" అని ఏటా ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెడతారు. వాటిలో ఒక్కదాని గురించే ఈరోజు చెప్తాను.

ఆ మెసేజ్ నాకే వస్తుంది కానీ నిర్ణయం నా ఒక్కడి చేతిలో లేదు. మిమ్మల్ని పర్మినెంట్ చేయాలంటే మా లెక్కలో అది కొత్త పోస్టు. మా బాస్ ఒప్పుకోవాలి, ఫైనాన్స్ వాళ్లు బడ్జెట్‌లో చోటు చూపాలి, హెచ్‌ఆర్ వాళ్లు ఏజెన్సీతో ఉన్న ఒప్పందం చూడాలి. వీళ్లలో చాలామంది మీ ముఖం కూడా చూసి ఉండరు. అందుకే నేను ఒక్క అక్షరం మార్చకుండా పైకి పంపగలిగేలా మీ మెసేజ్ ఉండాలి.

మా టీమ్‌లో ఒకమ్మాయి నవంబర్‌లో నాకు రాసింది. రెండేళ్లుగా సెలవు పెట్టకుండా పనిచేస్తున్నానని, ఇంటి పరిస్థితి మీకు తెలుసు కదా అని. ప్రతి మాటా నిజమే. చదివి చాలా బాధపడ్డాను. కానీ మా బాస్ మొదట అడిగేది "ఈమె వల్ల మనకేం మారింది?" అనే. దానికి అందులో జవాబు లేదు. అదే చెప్పాను.

రెండు రోజుల్లో ఒక లెక్క తెచ్చింది. పెండింగ్ బిల్లులు 340 నుంచి 60కి తగ్గాయని. అంకె బాగుంది. అయితే అక్టోబర్‌లో ఆ పనికి ఇంకో మనిషిని ఇచ్చాం. "అది అతని వల్ల కదా" అని ఫైనాన్స్ వాళ్లు అంటే ఆ లెక్క అక్కడే ఆగిపోతుంది. తను మాత్రమే చేసిన పనిలో ఏం మారిందో వెతకమన్నాను. డిసెంబర్ మొదటి వారంలో వచ్చిన మెసేజ్ ఇది. తను ఇంగ్లిష్‌లో రాసింది, నేను తెలుగులో చదువుతున్నాను.

"నమస్తే సార్. ఏజెన్సీ ద్వారా మన టీమ్‌లో చేరి ఈ నెలకు రెండేళ్లు. జూన్‌లో సప్లయర్ల నుంచి వచ్చిన ప్రతి 100 బిల్లుల్లో 31 వెనక్కి పంపాం. పర్చేజ్ ఆర్డర్ నంబర్ లేకపోవడం, జీఎస్టీ నంబర్ తప్పు పడటం ముఖ్య కారణాలు. వాటిలో ఎక్కువ భాగం 14 మంది సప్లయర్లవే. జులైలో వాళ్లకు ఒక పేజీ నమూనా బిల్లు తయారుచేసి పంపి, ఒక్కొక్కరితో ఫోన్‌లో మాట్లాడాను. నవంబర్‌లో 100కి 9 మాత్రమే వెనక్కి వెళ్లాయి. రెండు నెలల రిపోర్టులూ జత చేశాను. ఇది ఏడాది పొడవునా ఉండే పని కాబట్టి వచ్చే బడ్జెట్‌లో పర్మినెంట్ పోస్టు అడిగే వీలుందా? ఉంటే నన్ను పరిశీలించమని కోరుతున్నాను. ఈ వారం ఒక 15 నిమిషాలు టైమ్ ఇవ్వగలరా?"

ఇందులో అంకె ఎక్కడ దొరుకుతుందో ఉంది, తను ఏం చేసిందో ఉంది. 31 ఎందుకు 9 అయిందో ఎవరూ నన్ను అడగక్కర్లేదు. పంపేటప్పుడు నేను ఒక్క వాక్యమే కలిపాను. చిన్న పరిశ్రమల వాళ్లకు చట్టప్రకారం ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు కట్టాలి, దాటితే వడ్డీ పడుతుంది. బిల్లు వెనక్కి వెళ్లి తిరిగొచ్చేసరికి ఆ రోజులు కరిగిపోతాయి. ఫైనాన్స్ వాళ్లకు ఆ 9 విలువ వెంటనే అర్థమైంది.

డిసెంబర్ అన్నది కూడా ముఖ్యమే. మా దగ్గర ఏప్రిల్ నుంచి మొదలయ్యే బడ్జెట్ ఫిబ్రవరికల్లా ఖాయమైపోతుంది. మార్చిలో అడిగితే ఎంత మంచి లెక్క ఉన్నా పోస్టు ఉండదు. మీ కంపెనీలో ఏ నెలో ముందే కనుక్కోండి.

ఇన్నేళ్లు చేశాను కాబట్టి ఇది నా హక్కు అని కొందరు రాస్తారు. 1970లో వచ్చిన కాంట్రాక్టు కార్మికుల చట్టం 2025 దాకా అమల్లో ఉంది. దాని కింద ఏదైనా పనిలో కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసినా, అక్కడివాళ్లు దానంతటదే పర్మినెంట్ అయిపోరని స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. కాంట్రాక్టే ఉత్తుత్తిదని తేలితే సంగతి వేరు, అది లాయర్‌తో మాట్లాడాల్సిన విషయం. మేనేజర్‌కి పెట్టే మెసేజ్‌లో దాన్ని కలపొద్దు.

పోస్టు మంజూరైనా ఇంకో నెల పట్టింది. ఏజెన్సీ ఒప్పందంలో, వాళ్ల మనిషిని మేం తీసుకుంటే ఫీజు కట్టాలని ఉంది. హెచ్‌ఆర్ వాళ్లు అది తేల్చేదాకా తనకు చాలా టెన్షన్. "సార్, మీరు సరే అన్నారుగా, ఏజెన్సీలో రాజీనామా ఇచ్చేయనా?" అని అడిగింది. వద్దన్నాను. మే నెలలో ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, అందులో జీతం, చేరే తేదీ చూసుకుని, ఆ సాయంత్రమే ఏజెన్సీకి నోటీసు మెయిల్ పంపింది. పీఎఫ్‌కి పాత యూఏఎన్ నంబరే ఇచ్చింది.