మ్యాజిక్ స్క్వేర్‌లో 11 మొత్తాలు కలిసినా అది తప్పే ఎందుకవుతుంది?

[స్క్రీన్ మీద: ఈ చదరం]

```
 1   8  15  17  24
 7  14  16  23   5
13  20  22   4   6
19  21   3  10  12
25   2   9  11  18
```

హాయ్ అండి అందరికీ. మ్యాజిక్ స్క్వేర్ అంటే అడ్డు వరుసలు, నిలువు వరుసలు, రెండు కర్ణాలు, ఏది కూడినా ఒకే మొత్తం రావాల్సిన చదరం. ఒక్కసారి వీడియో ఆపేసి ఈ ఐదు బై ఐదు చదరంలో అడ్డు వరుసలు కూడి చూడండి, ఐదూ 65 వస్తాయి. నిలువు వరుసలు కూడండి, అవి కూడా ఐదూ 65. ఎడమ పైమూల నుంచి కుడి కిందమూలకి వెళ్ళే కర్ణం, 1, 14, 22, 10, 18, అదీ 65. అంటే 11 లెక్కలు కరెక్ట్. ఇక్కడికి రాగానే చాలామంది పెన్ను పక్కన పెట్టేస్తారు. కానీ ఇంకో కర్ణం ఉంది కదా, కింద ఎడమ మూల నుంచి పైకి, 25, 21, 22, 23, 24. కూడితే 115! 65 ఎక్కడ 115 ఎక్కడ.

ఇలాంటి చదరాలు కట్టడానికి సయామీస్ పద్ధతి అని ఒకటుంది. "సయామీస్ పద్ధతిలో 1 ని ఎక్కడ పెట్టినా పర్లేదు, మిగతాదంతా అదే సర్దుకుంటుంది" అని నాకు కనీసం నెలకొకరు చెప్తారు, మొన్న ఒక ట్యూషన్ నోట్స్‌లో కూడా అలాగే రాసుంది, చూస్తే నిజంగా చిరాకేసింది. సర్దుకోదండి. పైన చూపించిన చదరం అలా చేసిందే, 1 ని పైమూల గడిలో పెట్టి మొదలెట్టారు. ఎందుకు సర్దుకోదో ఇవాళ తేల్చేద్దాం, దానికి ముందు కరెక్ట్‌గా ఒకటి కడదాం.

1 ని పై వరుసలో సరిగ్గా నడిమి గడిలో పెట్టండి. అక్కడినుంచి ప్రతిసారీ ఒక గడి పైకి, ఒక గడి కుడికి, అంటే ఐమూలగా. 1 పైన వరుసే లేదు కాబట్టి బయటికి పోతాం, బయటికి పోతే అవతలి అంచు నుంచి లోపలికి రావాలి, సెల్‌ఫోన్‌లో పాము గేమ్‌లో పాము గోడలోంచి దూరి అటువైపు తేలేది చూడండి, అదే. సో 2 అడుగు వరుసలో నాలుగో గడిలో పడుతుంది. 3 దాని పైన కుడికి, ఐదో నిలువు వరుసలో. 4 కి వచ్చేసరికి కుడివైపు బయటికి పోయాం, అందుకని మూడో వరుసలో మొదటి గడి. 5 రెండో వరుసలో రెండో గడి.

ఇప్పుడు 6. ఐమూలగా వెళ్తే అక్కడ 1 కూర్చుని ఉంది. గడి నిండి ఉంటే ఆఖరుగా పెట్టిన అంకె కిందికి దిగాలి. ఆఖరుగా పెట్టింది 5, దాని కింద 6. దీన్ని కొంచెం గుర్తుపెట్టుకోండి, అడ్డం వచ్చిన 1 కింద కాదు, 5 కింద. మళ్ళీ 7, 8, 9, 10 ఐమూలగా, తర్వాత 6 అడ్డం, 10 కిందికి దిగి 11. అలా 15 దాకా వెళ్తే కుడి పైమూలలో ఉంటాం. ఇక్కడ అందరూ ఆగిపోతారు, ఎందుకంటే పైకీ బయటే, కుడికీ బయటే. రెండువైపులా పాములాగే దూరి రండి, ఎడమ కిందమూలలో తేలతారు, అక్కడ 11 ఉంది. నిండింది కాబట్టి 15 కింద 16. మూలకంటూ ప్రత్యేకంగా రూల్ ఏమీ లేదు, అదే రూల్.

[స్క్రీన్ మీద: పూర్తయిన చదరం]

```
17  24   1   8  15
23   5   7  14  16
 4   6  13  20  22
10  12  19  21   3
11  18  25   2   9
```

సరే, ఇది ఎందుకు పనిచేస్తుంది? పెళ్ళిలో బంతి భోజనం అనుకోండి. ఐదు ఇళ్ళ వాళ్ళొచ్చారు, ఇంటికి ఐదుగురు అన్నదమ్ములు. ఒకటో ఇంటివాళ్ళు 1 నుంచి 5, రెండో ఇంటివాళ్ళు 6 నుంచి 10, అలా ఐదో ఇంటివాళ్ళు 21 నుంచి 25. ప్రతి ఇంట్లో మొదటివాడు పెద్దోడు, చివరివాడు కడగొట్టోడు. అంటే 17 ఎవరు? నాలుగో ఇంట్లో రెండోవాడు. 24? ఐదో ఇంట్లో నాలుగోవాడు.

ఇప్పుడు పై బంతి చూడండి, 17, 24, 1, 8, 15. ఇళ్ళు వరసగా నాలుగు, ఐదు, ఒకటి, రెండు, మూడు. ఏ ఇల్లూ రెండుసార్లు రాలేదు, ఏ ఇల్లూ మిస్ అవ్వలేదు. అన్నదమ్ముల్లో ఎన్నోవాళ్ళు? రెండు, నాలుగు, ఒకటి, మూడు, ఐదు. అదీ అంతే, ప్రతి స్థానం నుంచి ఒక్కొక్కరు. నాకైతే ఇది మొదటిసారి కనబడ్డప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, తొమ్మిది బై తొమ్మిది దాకా గీసుకుంటూ కూర్చున్నా.

ఇలా కూర్చుంటే మొత్తం ఎంత అవ్వాలో కూడకుండానే చెప్పొచ్చు. ఒకటో ఇంటికి 0, రెండో ఇంటికి 5, తర్వాత 10, 15, 20 అని ఇంటి వాటా వేసుకోండి, కలిపితే 50. దానికి ఎన్నోవాళ్ళో ఆ అంకెలు, 1 నుంచి 5, కలిపితే 15. టోటల్ 65. ప్రతి ఇంటి నుంచి ఒకరు, ప్రతి స్థానం నుంచి ఒకరు ఉన్న ఏ బంతి అయినా 65 ఇవ్వాల్సిందే, వేరే దారి లేదు. నిలువు వరుస చూడండి, 17, 23, 4, 10, 11. ఇళ్ళు నాలుగు, ఐదు, ఒకటి, రెండు, మూడు, స్థానాలు రెండు, మూడు, నాలుగు, ఐదు, ఒకటి. మళ్ళీ అంతే. కిందికి దిగే కర్ణం 17, 5, 13, 21, 9 కూడా అంతే, మీరే ఇళ్ళు లెక్కేసుకోండి.

కానీ పైకెక్కే కర్ణం, 11, 12, 13, 14, 15, ఇది మాత్రం వేరే కథ. ఐదుగురూ ఒకే ఇంటివాళ్ళు! మనం నడిచింది ఐమూలగానే కదా, ఒక ఇంటివాళ్ళు మొత్తం ఒకే ఐమూల దారిలో కూర్చుంటారు, ఇల్లు అయిపోగానే వాళ్ళ పెద్దోడే అడ్డమొస్తాడు, ఒక మెట్టు దిగి తర్వాతి ఇల్లు మొదలవుతుంది. అందుకని ఈ కర్ణం మీద ఎప్పుడూ ఒకే ఇల్లు ఉంటుంది. ఏ ఇల్లు ఉండాలి? నడిమిల్లు. మూడో ఇంటి వాటా 10, ఐదుగురికీ 50, ప్లస్ 15, 65. ఒకటో ఇల్లు కూర్చుంటే మొత్తం 15, రెండోది 40, నాలుగోది 90, ఐదోది 115. మొదట్లో చూసిన 115 గుర్తొచ్చిందా? 1 ని మూలలో పెట్టేసరికి ఐదో ఇంటివాళ్ళు వచ్చి కర్ణం ఎక్కారు. అడ్డు, నిలువు వరుసలు చెడవు, ఎందుకంటే ఎక్కడ మొదలెట్టినా బంతులు అవే, చదరం జరిగిందంతే. చెడేది ఈ కర్ణం. 1 ని పై వరుస మధ్యలో పెట్టమనేది నడిమిల్లు సరిగ్గా కర్ణం మీద కూర్చోవడానికే.

అందుకే చెక్ చేసేటప్పుడు నేను ముందు ఈ కర్ణమే కూడతాను, వరుసలు తర్వాత. ఎక్కువమంది దీన్ని ఆఖర్న పెట్టుకుని అలసిపోయి వదిలేస్తారు, అదే తప్పు.

ఇంకో తప్పు ఉంది, ఇందాక గుర్తుపెట్టుకోమన్నా కదా. 6 ని 5 కింద కాకుండా, అడ్డమొచ్చిన 1 కింద పెడితే? ప్రతిసారీ అలాగే చేసుకుంటూ పోతే పై వరుస 19, 25, 1, 7, 13 వస్తుంది, కూడితే 65, శుభ్రంగా ఉంటుంది. అడ్డు వరుసలన్నీ 65. పైకెక్కే కర్ణం కూడా 65, ఎందుకంటే నడిమిల్లు అక్కడే ఉంది. కానీ మధ్య నిలువు వరుస చూడండి, 1, 6, 11, 16, 21. ఐదిళ్ళ పెద్దోళ్ళూ ఒకే చోట కూర్చున్నారు, మొత్తం 55. పక్కన రెండోవాళ్ళంతా, 60. నిలువు వరుసలు ఎడమ నుంచి 70, 75, 55, 60, 65 అని వస్తే ఇంకేం వెతకక్కర్లేదు, దిగాల్సిన చోట తప్పు గడి కింద దిగారు. అదే అడ్డు, నిలువు అన్నీ బాగుండి పైకెక్కే కర్ణం ఒక్కటే పోతే, మొదలెట్టిన గడి తప్పు. ఎక్కడో ఒకచోట రెండు అంకెలు తారుమారైతే సాధారణంగా రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు చెడతాయి, ఒకటి ఎంత పెరిగిందో ఇంకోటి అంతే తగ్గుతుంది. అంటే ఈ 12 లెక్కలూ ఒక్కోటి ఒక్కో తప్పుని పట్టిస్తాయి, అందుకే 12 కూ పన్నెండూ చెయ్యాలి.

టైమ్ అయిపోతోంది, కొన్ని త్వరత్వరగా చెప్పేస్తా. ఐదు బై ఐదులో 1 ని పెట్టదగ్గ చోటు పై వరుస మధ్య గడి ఒక్కటే కాదు, దాన్నుంచి ఐమూలగా పాములా తిరిగి వచ్చే మిగతా నాలుగు గడులు కూడా పనికొస్తాయి, ఉదాహరణకి మూడో వరుస మొదటి గడి. నడిమిల్లు కర్ణం మీదే ఉంటుంది కాబట్టి. కానీ మూడు బై మూడులో ఇది కుదరదు, అక్కడ కిందికి దిగే కర్ణం 8, 5, 2, ముగ్గురూ రెండోవాళ్ళే, ఆ కర్ణానికి కూడా సరిగ్గా నడిమివాళ్ళే కావాలి, సో చోటు ఒక్కటే. మూడు బై మూడులో చూసి నేర్చుకున్నవాళ్ళు ఐదులో, ఐదులో నేర్చుకున్నవాళ్ళు మూడులో తికమకపడేది ఇందుకే. నాలుగు బై నాలుగులో ఈ పద్ధతి ఎందుకు రాదంటే, నాలుగిళ్ళలో నడిమిల్లు ఎక్కడిది? కావాల్సింది 34, ఆ కర్ణం మీద ఏ ఇల్లు కూర్చున్నా వచ్చేది 10, 26, 42, 58 లో ఒకటి.

పేరు గురించి ఒక్క మాట. సయామ్ అంటే ఇప్పటి థాయిలాండ్. ఫ్రాన్స్ రాజు లూయీ 14 పంపిన రాయబారి లా లూబేర్ 1687 లో అక్కడికెళ్ళి, తిరిగొచ్చే ఓడలో విన్సెంట్ అనే ఆయన దగ్గర ఇది నేర్చుకుని, 1691 లో తన సయామ్ పుస్తకంలో అచ్చేశాడు. ఆ విన్సెంట్ ఎక్కడ నేర్చుకున్నాడు? మన సూరత్‌లో. అసలు నారాయణ పండితుడు 1356 లోనే గణిత కౌముదిలో మ్యాజిక్ స్క్వేర్ల మీద ఒక అధ్యాయమే రాశాడు. నన్నడిగితే దీన్ని సూరత్ పద్ధతి అనాలి.

ఏడు బై ఏడు మీరే కట్టండి. మొత్తం 175 రావాలి, లెక్కలు 16. పై వరుస 30, 39, 48, 1, 10, 19, 28 వస్తోందో లేదో చూసుకోండి, పైకెక్కే కర్ణం మీద నాలుగో ఇల్లు, 22 నుంచి 28, ఎడమ కిందమూల నుంచి వరసగా కూర్చోవాలి.