జూలైలో వాన, జనవరిలో వాన ఒకటేనా? ఒక స్టూడెంట్ నోట్‌బుక్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈరోజు మనం చూడబోయే నోట్‌బుక్ పర్లాకిమిడి అమ్మాయి పంపింది. బరంపురంలో డిగ్రీ చదువుతోంది. తన ఊరి రోజువారీ వర్షపాతం, 2014 నుంచి 2023 వరకు, పదేళ్ల డేటా తీసుకుంది. వీడియోలో చూపించడానికి తనే ఒప్పుకుంది.

ముందు ఈ బార్ చార్ట్ చూడండి. నెలవారీ సగటు వర్షం. పన్నెండు బార్లూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నాయి. కింద తను రాసిన వాక్యం: "మా ప్రాంతంలో వర్షం ఏడాది పొడవునా సమానంగా కురుస్తుంది." మహేంద్రతనయ పక్కన పెరిగిన పిల్ల ఈ మాట ఎలా రాసింది? ఆ నదిలో నీళ్లు ఎప్పుడు పొంగుతాయో, ఎప్పుడు ఇసుక తేలుతుందో తనకు తెలుసు. చార్ట్ మనకు తెలిసినదానికి ఇంత అడ్డంగా ఉంటే, వాక్యం రాసే ముందు కోడ్ దగ్గరికి వెనక్కి వెళ్లాలి. వెళ్దాం. తప్పంతా ఈ ఒక్క లైన్‌లో ఉంది.

```python
df["Date"] = pd.to_datetime(df["Date"], errors="coerce")
```

ఫైల్‌లో తేదీలు మనం రాసే పద్ధతిలోనే ఉన్నాయి, ముందు రోజు, తర్వాత నెల. పాండాస్ మొదటి తేదీ `01/01/2014` చూసి, ముందున్నది నెల అనుకుంది. `13/01/2014` దగ్గరికి వచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ పోవడానికే `coerce` పెట్టినట్టుంది. దాంతో 13 నుంచి 31 వరకు ఉన్న తేదీలన్నీ చప్పుడు లేకుండా ఖాళీ అయిపోయాయి. `groupby` ఖాళీ తేదీలను లెక్కలోకి తీసుకోదు. 3652 రోజుల్లో మిగిలినవి 1440 మాత్రమే.

ఆ మిగిలినవైనా సరిగ్గా ఉన్నాయా అంటే, లేవు. వాటిలో రోజు, నెల తారుమారయ్యాయి. చార్ట్‌లో జనవరి అని కనిపిస్తున్నది నిజానికి ప్రతి నెలా ఒకటో తారీఖు వాన. ఫిబ్రవరి అంటే రెండో తారీఖులు. ప్రతి బార్‌లోనూ పన్నెండు నెలల రోజులూ కలిసిపోయాయి, అందుకే అన్నీ ఒకే ఎత్తు.

దీన్ని పట్టుకోవడానికి మన వైపువాళ్లకు ఒక మంచి గుర్తు ఉంది. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. వర్షపాతం ఉదయం ఎనిమిదిన్నరకి, అంతకు ముందు 24 గంటలకు కొలుస్తారు. కాబట్టి ఆ వాన 11, 12 తేదీల్లో కనిపించాలి. ఈ నోట్‌బుక్‌లో అది నవంబరు 10, డిసెంబరు 10 కింద ఉంది. మీ డేటాలో కూడా ఊరంతా మరిచిపోలేని ఒక రోజును వెతికి చూడండి. తేదీ సరిగ్గా చదివిందో లేదో వెంటనే తెలుస్తుంది.

సరిచేయడం ఇలా:

```python
df["Date"] = pd.to_datetime(df["Date"], format="%d/%m/%Y")
print(len(df), df["Date"].isna().sum())
```

`coerce` తీసేశాను. ఫార్మాట్‌కు సరిపోని తేదీ ఉంటే ఎర్రర్ రావాలి, మనం చూడాలి. సరైనతకు పదికి మూడు ఇస్తున్నాను. ఆ తర్వాతి లెక్కలు పద్ధతిగానే చేసింది, అందుకు ఆ మూడు.

ఇక వేరే కంప్యూటర్‌లో ఇదే ఫలితం వస్తుందా? రాదు. పాండాస్ 2.0కు ముందు వెర్షన్లు ప్రతి తేదీనీ విడిగా చదివేవి. అక్కడ 12 దాటిన తేదీలు సరిగ్గా వస్తాయి, 12 వరకు ఉన్నవి తారుమారవుతాయి. రోజులేవీ పోవు, చార్ట్ కూడా కాస్త వానాకాలంలా కనిపిస్తుంది. నాకైతే అదే ఎక్కువ భయం, ఎవరికీ అనుమానం రాదు కదా. నోట్‌బుక్‌లో వెర్షన్ ఎక్కడా రాయలేదు. మొదటి సెల్‌లో `pd.__version__` ప్రింట్ చేస్తే చాలు. ఫైల్ పాత్ కూడా తన డి డ్రైవ్‌దే, రీస్టార్ట్ చేసి అన్ని సెల్స్ రన్ చేస్తే రెండో సెల్‌లోనే ఆగిపోయింది. పదికి నాలుగు.

సరిచేశాక చార్ట్ మళ్లీ గీశాను. జూన్ నుంచి సెప్టెంబరు వరకు బార్లు లేచాయి. కానీ అక్టోబరు దగ్గర ఆగాలి. ఒక్క తుఫాను రెండు రోజుల్లో కురిపించే వాన, పదేళ్ల సగటును పైకి లాగేస్తుంది. సగటు బార్ చూస్తే ప్రతి అక్టోబరూ అలాగే ఉంటుందనిపిస్తుంది. అందుకే బార్ బదులు ఒక్కో ఏడాదికి ఒక్కో చుక్క పెట్టమ్మా. పది చుక్కల్లో ఏది దూరంగా ఉందో కళ్లకు కడుతుంది. నిలువు గీత మీద మిల్లీమీటర్లు అని రాయడం మరవకు. చార్ట్‌లకు పదికి ఐదు.

వ్యాఖ్యానానికి ఇప్పుడే మార్కులు వేయను. "సమానంగా కురుస్తుంది" అన్న వాక్యం కొట్టేసి, కొత్త చార్ట్ చూసి రెండు విషయాలు విడివిడిగా రాయి: ప్రతి ఏడాదీ జూన్–సెప్టెంబరులో వచ్చే వాన, కొన్ని ఏళ్లలోనే అక్టోబరులో వచ్చే తుఫాను వాన. వర్షం పెరుగుతోందనో తగ్గుతోందనో మాత్రం రాయకు, ఒక్క స్టేషన్ పదేళ్ల డేటా ఆ మాటకు సరిపోదు. రాసి పంపు, వచ్చే వీడియోలో దాన్నే ముందు చూద్దాం.