ఆరు చెంచాలు, అర చెంచా: డిజైనర్‌కి రాసే కాపీ బ్రీఫ్

అందరికీ నమస్కారం. ఈ పూట ఒకే ఒక్క స్లైడ్ గురించి మాట్లాడతాను. విరేచనాలతో నీరసించిన పిల్లలకు ఇంట్లో ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో చెప్పే ఆరు స్లైడ్ల ఇన్‌స్టాగ్రామ్ పోస్టు ఉందనుకోండి. అందులో మూడోది కొలతల స్లైడు. దానికి డిజైనర్‌కి మనం ఏం రాసి పంపాలి?

చాలామంది పంపేది ఇలా ఉంటుంది: "లీటరు నీళ్లలో 6 చెంచాల పంచదార, 1/2 చెంచా ఉప్పు కలపాలి, దీన్ని కొంచెం హైలైట్ చేయండి, తల్లీబిడ్డల మంచి ఫోటో పెట్టండి." డిజైనర్ దీన్ని చదివి "6" అంకెను పెద్దది చేస్తారు. అంకె కంటికి బాగా ఆనుతుంది కదా. "కొంచెం హైలైట్ చేయండి" అన్న మాట ఒక్కోసారి స్లైడు మీదే అచ్చయిపోతుంది కూడా. తప్పు డిజైనర్‌ది కాదు. అచ్చు వేయాల్సిన మాటా, డిజైనర్‌కి చెప్పే మాటా ఒకే వాక్యంలో కలిపేశాం.

అందుకే ఈ రెంటినీ విడదీయాలి. నేనైతే ఈ స్లైడుకి ఇలా రాస్తాను:

స్లైడ్ 3 / 6
పని: చూసినవాళ్లు ఫోన్ పక్కన పెట్టుకుని, చూస్తూ కలుపుకోగలగాలి.

అచ్చు వేయాల్సింది (లైన్లు ఇలాగే విరగాలి):
లీటరు నీళ్లలో
6 చెంచాల పంచదార
అర చెంచా ఉప్పు

చిన్న అక్షరాల్లో: చెంచా అంటే 5 మి.లీ. టీ స్పూను. అంచుకు సమంగా కొలవాలి.

నొక్కు: "అర" అన్న మాట మీద మాత్రమే. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం.

బొమ్మ: పైనుంచి తీసిన ఫోటో. లీటరు నీళ్ల సీసా, గిన్నెలో పంచదార, సగం వరకే ఉప్పున్న టీ స్పూను. పై సగం ఖాళీగా ఉండాలి, మాటలు అక్కడ వస్తాయి.
వద్దు: గోపురంలా నింపిన చెంచా, అన్నం వడ్డించే గరిటె, జ్యూస్ ప్యాకెట్లు.

ఇంతే. ఇందులో నొక్కు దగ్గర కాసేపు ఆగుదాం. ఈ స్లైడులో పొరపాటు జరిగితే ఎక్కువ హాని ఎక్కడ? పంచదార ఎక్కువైతే విరేచనాలు పెరగొచ్చు, అదీ మంచిది కాదు. కానీ చిన్నపిల్లల్లో ఉప్పు మోతాదు మించితే మరీ ప్రమాదం. కాబట్టి కన్ను ముందు వెళ్లాల్సింది "అర" దగ్గరకి. మూడు లైన్లలోనూ అదే అన్నిటికన్నా పొట్టి మాట, చెప్పకపోతే కచ్చితంగా మరుగున పడుతుంది. నొక్కు పక్కనే కారణం రాయమనేది ఇందుకే. కారణం తెలిస్తే, రంగు చాలకపోతే పరిమాణం పెంచడం, చుట్టూ ఖాళీ వదలడం లాంటివి డిజైనర్ తమంతట తామే చేసుకుంటారు. "బోల్డ్ చేయండి" అని మాత్రమే రాస్తే బోల్డ్ చేసి ఊరుకుంటారు.

స్లైడుకి ఒక్క నొక్కే. "6", "అర", "లీటరు" మూడూ రంగులోకి వస్తే దేన్నీ నొక్కనట్టే.

"అర" అని అక్షరాల్లో ఎందుకు రాశానో చూడండి. "1/2" అని వేస్తే చిన్న స్క్రీన్ మీద ఆ గీత పలచబడి, ఒకటో రెండో అన్నట్టు కనిపించే వీలుంది. "½" గుర్తు కొన్ని తెలుగు ఫాంట్లలో ఉండదు, అప్పుడు అది వేరే ఫాంటులోంచి వచ్చి అతికించినట్టు కనబడుతుంది. "అర" అంటే ఎవరూ తడబడరు.

ఇంగ్లీషులో నొక్కడానికి పెద్ద అక్షరాలున్నాయి, వాలు అక్షరాలున్నాయి. తెలుగులో మొదటివి లేనే లేవు. రెండోవి పెడితే వత్తులు పక్కకి ఒరిగి చదవడానికి ఇబ్బంది. మనకు మిగిలేవి రంగు, పరిమాణం, లావు. లావులోనూ ఒక చిక్కుంది. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఒకే లావులో వస్తాయి. వాటికి బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరం చుట్టూ గీతను ఊరికే మందం చేస్తుంది. "ఘ", "ఱ" లాంటి అక్షరాల్లోని చిన్న రంధ్రాలు పూడుకుపోతాయి. బోల్డే కావాలంటే నోటో సాన్స్ తెలుగు లాంటి, అసలైన బోల్డ్ ఉన్న ఫాంటు వాడమని బ్రీఫులోనే రాయండి. ఇంకొకటి: రంగు ఎప్పుడూ పూర్తి మాటకే. "నీళ్లలో" అన్న మాటలో "నీళ్ల" వరకే రంగు మారిస్తే చూపుకి అతుకు పడుతుంది. సంయుక్తాక్షరం మధ్యలో మారిస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తు ఊడిపోతుంది కూడా.

ఇక బొమ్మ. "తల్లి ఆందోళన కనిపించాలి" లాంటి సూచన మొదటి స్లైడుకి పనికొస్తుందేమో, కొలతల స్లైడుకి పనికిరాదు. ఇక్కడ బొమ్మ కూడా కొలతే చెబుతుంది. స్టాక్ ఫోటోల్లో చెంచా ఎప్పుడూ గోపురంలా నిండి ఉంటుంది, అందంగా ఉంటుందని. పక్కన "అర చెంచా" అని ఎంత పెద్దగా రాసినా చూసినవాళ్ల చేయి బొమ్మనే అనుసరిస్తుంది. పంచదారకీ ఇదే. చెంచాలు చూపిస్తే ఆరూ చూపాలి, లేదంటే గిన్నెలో చూపాలి. ఒక్క చెంచా పంచదార పక్కన "6" అని రాస్తే బొమ్మా మాటా ఒకదాన్నొకటి కాదంటాయి. జ్యూస్ ప్యాకెట్లు వద్దనడానికీ కారణముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం పాటించని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట ఉండకూడదని 2025 అక్టోబరులో దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. అలాంటి ప్యాకెట్టు మన బొమ్మలో కనబడితే మనమే గందరగోళం పెంచినట్టు.

మాటల్ని యూనికోడ్‌లో, కాపీ చేసుకోగలిగే ఫైల్లో ఇవ్వండి, స్క్రీన్‌షాట్ వద్దు. డిజైనర్ మళ్లీ టైపు చేసినా, అను ఫాంట్లలోకి మార్చినా అక్షరాలు పోతాయి. కంటికి కనబడని గుర్తుల విషయంలో ఇది మరీ ఎక్కువ. "స్పూన్‌తో" అన్నప్పుడు "న్" తర్వాత ఒక అదృశ్య గుర్తు ఉంటుంది, అది పోతే "స్పూన్తో" అయిపోతుంది. "చెంచాతో" అని రాసుకుంటే ఆ బెడదే ఉండదు. ఫోటోషాప్‌లో వత్తులు విడివిడిగా పడుతుంటే, టైప్ సెట్టింగుల్లో భారతీయ లిపులకు తగిన లేఅవుట్ పెట్టలేదన్నమాట.

కొలతలు క్లుప్తంగా: 1080×1350 పిక్సెళ్లు. చిన్న అక్షరాలు 40 పిక్సెళ్లకు తగ్గితే ఫోన్‌లో వత్తులు కలిసిపోతాయి. ప్రొఫైల్ గళ్లు 3:4లో ఉంటాయి కాబట్టి మొదటి స్లైడులో రెండు పక్కలా 34 పిక్సెళ్ల వరకు తెగుతుంది, అక్కడ అక్షరం ఉండకూడదు.

డిజైన్ తిరిగొచ్చాక దాన్ని ఫోన్‌లోనే చూడండి. ఈ పనితో సంబంధం లేని ఒకరికి మూడో స్లైడు మూడు సెకన్లు చూపించి, ఫోన్ వెనక్కి తీసుకుని "ఉప్పెంత?" అని అడగండి. "అర" అంటే సరే. "ఆరు" అన్నారంటే "ఇంకా బాగా కనిపించాలి" అని తిప్పి పంపకండి. "చూసినవాళ్లు ఉప్పు ఆరు చెంచాలనుకున్నారు. 6ని మామూలు లావుకి తగ్గించి, మూడో లైనుకీ రెండోదానికీ మధ్య ఖాళీ పెంచండి" అని రాయండి.