వ్యంగ్యం తెలుగులోకి వచ్చేసరికి పొగడ్త ఎందుకైంది? విశాఖ స్టూడియోలో జరిగిన చర్చ

(ఒక ఇంగ్లీషు పత్రికలో వచ్చిన రాజకీయ వ్యంగ్య కాలమ్‌ని తెలుగులో వేశారు. అధికార పార్టీ వాళ్లు అది నిజమైన పొగడ్త అనుకుని వాట్సాప్‌లో పంచుకున్నారు, మిగతావాళ్లు రచయిత అమ్ముడుపోయాడని తిట్టారు. ఆ గొడవ మీద విశాఖపట్నంలో పెట్టిన చర్చ ఇది. మాటలు ఉన్నవి ఉన్నట్టే దించాను, పేర్లు మాత్రం తీసేశాను.)

యాంకర్: నమస్కారం. సూటిగా విషయంలోకి వెళ్దాం. వానాకాలం, రోడ్డంతా గుంతలు, గుంతల నిండా నీళ్లు. తెలుగులో వచ్చిన వాక్యం చదువుతున్నా: "రహదారుల సమస్యను, నీటి ఎద్దడిని ఏకకాలంలో పరిష్కరించిన మంత్రివర్యులు ఎంతైనా అభినందనీయులు." మేడమ్, మీరు ఇలాంటి కాలమ్స్ అనువాదం చేస్తారు. తప్పెక్కడ జరిగింది? నాకైతే మన ఉత్తరాంధ్ర యాసలో రాసుంటే ఈ గొడవే ఉండేది కాదనిపిస్తోంది.

అనువాదకురాలు: యాస సంగతి తర్వాత చెప్తానండీ. ఇందులో ప్రతి మాటా సరిగ్గానే తెచ్చారు, చిక్కంతా అక్కడే ఉంది. ఇంగ్లీషు పత్రిక చదివేవాళ్లకి ఒక కాలమిస్టు మంత్రిని ఇంతలా పొగిడాడంటేనే అనుమానం వస్తుంది. మనకు రాదు. మన ఫ్లెక్సీల్లో, ప్రెస్ నోట్లలో, పుట్టినరోజు ప్రకటనల్లో 'మంత్రివర్యులు', 'అభినందనీయులు' అని నిజంగానే రాస్తారు కదా. అందుకని విశేషణాలు ఎంత పెంచినా అది వెక్కిరింపులా...

మాజీ సబ్ ఎడిటర్: ఒక్క నిమిషమమ్మా, నేను ఏళ్ల తరబడి డెస్కులో కూర్చున్నవాణ్ణి. ఇంత ఆలోచన అక్కర్లేదు. పాఠకుడికి క్లూ ఇవ్వాలి, అంతే. ముందు ఒక 'ఆహా' పెట్టు, మధ్యలో 'పాపం' పడెయ్, చివర 'అట' తగిలించు, ఆశ్చర్యార్థకం వేసెయ్. పొద్దున్నే టీ తాగుతూ చదివేవాడికి ముసిముసి నవ్వులు పట్టుకునే ఓపిక ఉండదు.

అనువాదకురాలు: 'అట' బలం నేను ఒప్పుకుంటాను సార్. 'పరిష్కరించారు' అంటే ఆ మాటకు రాసినవాడే పూచీ. 'పరిష్కరించారట' అంటే ఎవరో అన్నారు, నాకు సంబంధం లేదని పక్కకి తప్పుకోవడం. ఇంగ్లీషువాళ్లు ఒక మాటను కొటేషన్ మార్కుల్లో పెట్టి ఎత్తిపొడుస్తారు, అది చాలాసార్లు ఈ 'ట'తో తెలుగులోకి దిగుతుంది. కానీ ఈ కాలమ్‌లో మాట్లాడేదెవరు? ప్రభుత్వాన్ని మనసారా నమ్మే ఒక పెద్దమనిషి. రచయిత వేసుకున్న వేషం అది. ఆ పెద్దమనిషి 'పరిష్కరించారట' అన్నాడంటే తను నమ్మట్లేదని మొదటి వాక్యంలోనే చెప్పేసినట్టు. వేషం అక్కడే జారిపోతుంది, మిగతా కాలమ్ ఉత్త విమర్శ అయిపోతుంది.

మాజీ సబ్ ఎడిటర్: జారిపోనీ! వేషం మీకు ముఖ్యం, పాఠకుడికి కాదు. నేను మళ్లీ చెప్తున్నా, క్లూ ఇవ్వాలి.

యాంకర్: యాసే క్లూ కదా సార్? "మంత్రిగోరు గుంతలన్నీ నీళ్లతో కప్పించీసినార్రా" అంటే వెంటనే తెలిసిపోతుంది కదా?

లెక్చరర్: అప్పుడు నవ్వు మంత్రి మీద పడదండీ, ఆ మాట అన్న పల్లెటూరి మనిషి మీద పడుతుంది. సినిమాలు మన యాసని నవ్వులాటకే వాడివాడి జనానికి అలా అలవాటు చేశాయి.

మాజీ సబ్ ఎడిటర్: అదేంటి మాస్టారూ, ఇదే ఊళ్లో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి గారు రాయలేదా యాసలో? ఎంత పదునుగా రాశారు! నేను చదివిన రోజుల్లో...

(రావిశాస్త్రి మీద చాలాసేపు సాగింది. ఆయన యాసని తన పాత్రల నోట పలికించారని, ఇక్కడ మాట్లాడేది చదువుకున్న ఇంగ్లీషు కాలమిస్టని లెక్చరర్ చెప్పబోయారు గానీ వినిపించలేదు.)

లెక్చరర్: అసలు మన అలంకారశాస్త్రంలో వ్యాజస్తుతి ఉంది. పైకి పొగడ్త, లోపల నింద, లేదా పైకి నింద, లోపల పొగడ్త. ఇది మనకు కొత్త కాదు. ఇంగ్లీషులో చూస్తే 1729లో జొనాథన్ స్విఫ్ట్ ఐర్లండ్ పేదల ఏడాది పిల్లల్ని ధనవంతులకు ఆహారంగా అమ్మాలని ప్రతిపాదన రాశాడు, అంతా ప్రాజెక్టు రిపోర్టు గొంతుతో, లెక్కలు కట్టి మరీ. మాటలో ఎక్కడా అతి లేదు. అతి అంతా చెప్పే విషయంలో ఉంది.

అనువాదకురాలు: సరిగ్గా అదే! ఈ గుంతల వాక్యాన్ని అలాగే సరిచేయొచ్చు. నేనైతే ఇలా రాస్తాను: "గుంతలు పూడ్చమని జనం అడుగుతూనే ఉన్నారు. మంత్రిగారు పూడ్పించారు, నీళ్లతో. పైసా ఖర్చు కాలేదు. ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడే వీధులకు ఇక ఆ శ్రమా లేదు." ఒక్క విశేషణం లేదు, ఒక్క 'గారు' తప్ప మర్యాద కూడా పెంచలేదు. ఫ్లెక్సీ మీద ఎవరూ 'నీళ్లతో పూడ్పించారు' అని వేయించుకోరు, కాబట్టి పొగడ్త అనుకునే వీలే లేదు. అయినా చెప్పే మనిషి నమ్మకంగానే చెప్తున్నాడు.

యాంకర్: బాగుంది. ఇదే యాసలో పెడితే ఇంకా...

అనువాదకురాలు: అందులో 'నీళ్లతో' అన్నది క్రియ తర్వాత పెట్టాను, గమనించారా? ఇంగ్లీషు కాలమిస్టు కాటు వాక్యం చివర దాస్తాడు, మన వాక్యం చివర క్రియ వచ్చి కూర్చుంటుంది. అదే కాలమ్‌లో ఇంకో వాక్యం చూడండి. కమిటీ నెలాఖరుకి నివేదిక ఇస్తుందంటాడు, తర్వాత తీరిగ్గా, ఏ నెలో చెప్పలేదంటాడు. తెలుగులో ఏమైంది? "ఏ నెలో చెప్పకపోయినప్పటికీ కమిటీ నెలాఖరుకు నివేదిక సమర్పించనుంది." జోకు ముందే చెప్పేసి, తర్వాత వార్త చదివినట్టు. వాక్యాన్ని విరగ్గొడితే చాలు: "నెలాఖరుకల్లా కమిటీ నివేదిక ఇస్తుంది. ఏ నెలో చెప్పలేదు." ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంటే మనమూ ఒకటే రాయాలన్న పట్టుదలతో...

మాజీ సబ్ ఎడిటర్: విరగ్గొడితే మూల రచయిత ఊరుకుంటాడా? నా మాట వినండి, కాలమ్ పైన పెద్ద అక్షరాలతో 'వ్యంగ్యం' అని వేసెయ్యాలి. క్లూ! ఈ గొడవంతా దాంతో పోతుంది.

అనువాదకురాలు: వాట్సాప్‌లో తిరిగింది ఒక్క పేరా స్క్రీన్‌షాట్ సార్, లేబుల్ దాంతో పాటు వెళ్లదు. పేరా తనంతట తానే నిలబడాలి. నేను అచ్చుకి ముందు రచయిత పేరు, ఫొటో, శీర్షిక తీసేసి, పత్రికతో సంబంధం లేని ఒకరికి చదివి వినిపిస్తాను. వీళ్లు మంత్రికి అనుకూలమా కాదా అని అడుగుతాను, ఏ వాక్యం దగ్గర తెలిసిందో కూడా అడుగుతాను. మొదటి వాక్యంలోనే తెలిస్తే నేను కన్ను గీటాననే అర్థం. చివరిదాకా తెలియకపోతే...

మాజీ సబ్ ఎడిటర్: ప్రతి కాలమ్‌కీ ఇలా పరీక్షలు పెడితే పేపరు ఎప్పుడు అచ్చవుతుందమ్మా! రాత్రి ఎడిషన్ టైమ్ తెలుసా మీకు? డెస్కులో కూర్చుంటే తెలుస్తుంది. క్లూ ఇచ్చేస్తే రెండు నిమిషాల పని.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. చివరిదాకా తెలియకపోతే ఆమె ఏం చేస్తారో చెప్పనివ్వలేదు. ఆ సాయంత్రం అన్నిటికన్నా పనికొచ్చే మాట అదే అయ్యుండేది.)

యాంకర్: టైమ్ అయిపోతోంది. పాఠకుడికి క్లూ ఇవ్వాలన్నది సార్ చాలా బలంగా చెప్పారు, నేనూ దాన్ని సమర్థిస్తాను, ఆ క్లూ మన యాస అయితే...

లెక్చరర్: అలా తేల్చలేదండీ మనం!

అనువాదకురాలు: యాస గురించి తర్వాత చెప్తానన్నాను, ఇప్పటిదాకా అవకాశం రాలేదు. ఒక్క ముప్ఫై సెకన్లు ఇస్తే...

మాజీ సబ్ ఎడిటర్: నేను ఒక్క మాట చెప్పి ముగిస్తా. మా డెస్కులో ఒకసారి ఏమైందంటే...