ఒకేలా వంచే రెండు గాజులు, వేరువేరుగా విప్పే రంగులు

అందరికీ నమస్కారం. ఇక్కడ డిగ్రీ ల్యాబ్‌లో పట్టకంతో కుస్తీ పట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, సొంతంగా టెలిస్కోప్ చేసుకోవాలని గాజు బిళ్లలు రుద్దుతున్నవాళ్లూ కొందరు ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చే ఒక్క విషయం మాట్లాడతాను. రెండు కటకాలు కలిపి రంగులు చెదరని జంట చేయాలంటే ఏ గాజు పక్కన ఏ గాజు పెట్టాలి, అది ఏ అంకె చూసి తేల్చుకోవాలి అన్నదే ఆ విషయం.

రెండు గాజులతో మొదలుపెడతాను. కేటలాగులో ఒకదాని పేరు ఎస్‌కే16, రెండోదాని పేరు ఎఫ్2. పసుపు కాంతికి, అంటే హీలియం దీపం ఇచ్చే 587.6 నానోమీటర్ల గీతకి, మొదటిదాని వక్రీభవన గుణకం 1.6204, రెండోదానిది 1.6200. నాలుగో దశాంశంలో తప్ప తేడా లేదు. ఈ రెంటితో 10 డిగ్రీల కోణమున్న పలుచని పట్టకాలు చెరొకటి చేసి పసుపు కాంతి పంపితే రెండూ 6.2 డిగ్రీలే వంచుతాయి, ఏది ఏదో చెప్పలేం. ఇప్పుడు పసుపు తీసేసి హైడ్రోజన్ దీపం పెట్టండి. అందులో ఒక ఎర్ర గీత 656.3 దగ్గర, ఒక నీలి గీత 486.1 దగ్గర ఉంటాయి, మనవాళ్లు వాటిని C అనీ F అనీ పిలుస్తారు. ఎస్‌కే16 పట్టకం ఈ రెండు గీతల్నీ దాదాపు 6 నిమిషాల కోణం ఎడంగా పంపుతుంది. ఎఫ్2 పట్టకం 10 నిమిషాలకి పైగా ఎడం చేస్తుంది. వంచడం ఒకటే, విప్పడం మాత్రం ఒకటిన్నర రెట్లు దాటిపోయింది. ఈ రోజు నేను చెప్పేదంతా ఈ తేడాలోంచే వస్తుంది.

ఆ 6 నిమిషాలూ 10 నిమిషాలూ ఉన్నాయే, అదే కోణీయ విక్షేపణ. అది గాజు ఒక్కదాని గుణం కాదు, పట్టకం కోణం మారితే అదీ మారుతుంది. 10 డిగ్రీల బదులు 5 డిగ్రీల పట్టకం చేస్తే విక్షేపణ సగమవుతుంది, విచలనమూ సగమవుతుంది. అందుకని ఒకదాన్ని రెండోదానితో భాగిస్తాం. రంగుల మధ్య ఎడాన్ని పసుపు వంగిన కోణంతో భాగిస్తే పట్టకం కోణం కొట్టుకుపోయి గాజు గుణం ఒక్కటే మిగులుతుంది, దాన్నే విక్షేపణ సామర్థ్యం అంటాం. ల్యాబ్ రికార్డులో పేజీలు నింపి కనుక్కునేది ఇదే. చాలామంది రికార్డులో ఈ విలువ రాసి, కింద 'ప్రమాణాలు లేవు' అని కూడా రాసి వదిలేస్తారు. ఎందుకు లేవో ఆలోచిస్తే సగం విషయం అక్కడే అర్థమవుతుంది, కోణాన్ని కోణంతో భాగించాం కాబట్టి.

గాజు తయారుచేసేవాళ్లు దీన్ని తిరగేసి రాస్తారు.

```
V = (nd − 1) / (nF − nC)
```

దీన్ని అబ్బే సంఖ్య అంటాం, యేనాలో పనిచేసిన ఎర్న్‌స్ట్ అబ్బే పేరు మీద. కన్‌స్ట్రింజెన్స్ అని ఇంకో పేరు కూడా ఉంది. అది దగ్గరికి బిగించి కట్టడం అనే అర్థమున్న లాటిన్ మాటలోంచి వచ్చింది. నాకు ఈ పేరే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే రంగుల్ని గాజు ఎంత బిగించి పట్టుకుంటుందో చెప్పే అంకె ఇది. అంకె పెద్దదైతే పట్టు ఎక్కువ, రంగులు తక్కువ విడిపోతాయి. ఇది గుర్తుంటే పెద్ద అంకె అంటే ఎక్కువ విక్షేపణ అనుకునే పొరపాటు జరగదు. ఎస్‌కే16కి ఇది 60.3, ఎఫ్2కి 36.4. కేటలాగులో ప్రతి గాజుకీ ఆరంకెల కోడ్ ఉంటుంది చూడండి, ఎఫ్2కి 620364. మొదటి మూడంకెలు గుణకంలో దశాంశం తర్వాతివి, చివరి మూడు అబ్బే సంఖ్య. మనకి కావలసిన రెండు సంగతులూ పేరులోనే ఉన్నాయి.

ఇప్పుడు న్యూటన్ దగ్గరికి వెళ్లాలి. వంగడం, విప్పారడం అన్ని పదార్థాల్లో ఒకే నిష్పత్తిలో ఉంటాయని ఆయన అనుకున్నాడు. అంటే అబ్బే సంఖ్య అన్నిటికీ ఒకటే అన్నట్టు. అది నిజమైతే రంగులు చెరిపిన చోట వంపు కూడా చెరిగిపోతుంది, కటకం కిటికీ అద్దంలా మిగులుతుంది. అందుకే ఆయన కటకాల టెలిస్కోప్ మీద ఆశ వదులుకుని 1668లో అద్దంతో టెలిస్కోప్ చేసుకున్నాడు. తర్క ప్రకారం ఆయన తప్పలేదు, తీసుకున్న ఆధారమే తప్పు. 1730ల ప్రాంతంలో చెస్టర్ మూర్ హాల్ అనే ఇంగ్లిష్ న్యాయవాది క్రౌన్, ఫ్లింట్ గాజులు కలిపి జంట చేయించాడు కానీ దాని గురించి ప్రచురించలేదు. తర్వాత జాన్ డాలండ్ నీళ్లలో గాజు పట్టకం ముంచి, వంపు పూర్తిగా రద్దయ్యేలా అమర్చినా రంగులు మిగిలే ఉన్నాయని చూశాడు. 1758లో పేటెంట్ తీసుకున్నాడు.

డాలండ్ చూసింది మన లెక్కలో ఎలా ఉంటుందో చూద్దాం. అందరికీ తెలిసిన క్రౌన్ గాజు బీకే7 తీసుకుందాం, గుణకం 1.5168, అబ్బే సంఖ్య 64.2. దానితో 10 డిగ్రీల పట్టకం చేస్తే 5.17 డిగ్రీలు వంచుతుంది, ఎరుపునీ నీలాన్నీ 4.8 నిమిషాలు విడదీస్తుంది. దీని వెనక ఎఫ్2 పట్టకాన్ని తలకిందులుగా పెట్టి ఆ 4.8 నిమిషాల్నీ తిరిగి కలపాలి. ఎఫ్2 విప్పడంలో గట్టిది కాబట్టి దానికి 4.7 డిగ్రీల కోణం చాలు. ఆ చిన్న పట్టకం వెనక్కి వంచేది 2.93 డిగ్రీలే. రంగులు కలిసిపోయాయి, 2.24 డిగ్రీల వంపు మిగిలింది. ఆ మిగిలిన వంపే మన టెలిస్కోప్ కటకం.

కటకాలకీ ఇదే లెక్క, కోణం బదులు నాభ్యంతరం వస్తుంది. జంట మొత్తం నాభ్యంతరం f అయితే,

```
f1 =  f (V1 − V2) / V1
f2 = −f (V1 − V2) / V2
```

1000 మిల్లీమీటర్ల జంట కావాలంటే బీకే7 కుంభాకార కటకం 433, ఎఫ్2 పుటాకార కటకం 764 మిల్లీమీటర్లు రావాలి. ఈ సూత్రంలో వక్రీభవన గుణకం ఎక్కడా లేదని గమనించండి. అబ్బే సంఖ్యలు, వాటి మధ్య తేడా, అంతే. గుణకం తర్వాత వస్తుంది, తలాల వంపు ఎంత రుద్దాలో తేల్చేటప్పుడు.

ఆ తేడా చిన్నదైతే ఏమవుతుంది? ఎఫ్2 బదులు బాక్4 అనే గాజు పెట్టి చూడండి, దాని అబ్బే సంఖ్య 56. ఇప్పుడు తేడా 28 కాదు, 8. అదే 1000 మిల్లీమీటర్ల జంటకి ముందు కటకం 128కి, వెనకది 146కి దిగిపోతాయి. రంగులు కాగితం మీద కలుస్తాయి కానీ అంత బొద్దు కటకాలు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటే గోళీయ విపథనం విపరీతంగా పెరుగుతుంది, కేంద్రాలు రవ్వంత పక్కకి జరిగినా బొమ్మ చెడుతుంది. అందుకే తేడా 20కి తగ్గకుండా చూసుకోమని నేను చెబుతాను.

రంగులు కలిశాయి అన్నాను కదా, నిజానికి కలిసింది రెండే, ఎరుపూ నీలమూ. మధ్యలో ఉన్న పసుపుపచ్చ ఆ రెంటికన్నా కాస్త ముందే కూడుతుంది. ఎందుకంటే ఎఫ్2 నీలం వైపు కొంచెం ఎక్కువ సాగదీస్తుంది, బీకే7 ఆ పని అంతగా చేయదు, ఆ అసమానత అబ్బే సంఖ్యకి కనపడదు. మన 1000 మిల్లీమీటర్ల జంటలో ఈ మిగులు అర మిల్లీమీటరు. ఒంటరి బీకే7 కటకమైతే ఎరుపు నీలాల మధ్య 15.6 మిల్లీమీటర్లు ఉండేది, కాబట్టి లాభం పెద్దదే. కానీ 100 మిల్లీమీటర్ల వెడల్పు కటకానికి ఫోకస్‌లో అటూ ఇటూ దాదాపు 0.1 మిల్లీమీటరు వరకే కన్ను సహిస్తుంది. కాబట్టి ప్రకాశవంతమైన నక్షత్రం చుట్టూ ఊదా రంగు మిగిలిపోతుంది. మంచి అవర్ణ జంటలోనూ అది ఉంటుంది, దాన్ని చూసి మీ పని చెడిందని అనుకోకండి.

నిజంగా చెడితే ఎలా ఉంటుందో నా అనుభవం చెబుతాను. చాలా ఏళ్ల కిందట పేరు లేని ఫ్లింట్ గాజు దిమ్మ ఒకటి దొరికింది. సోడియం దీపంతో గుణకం చూశాను, 1.62 వచ్చింది, ఇంకేముంది ఎఫ్2 అని నిర్ణయించేసుకున్నాను. అబ్బే సంఖ్య కొలవలేదు. ఇందాక ఎస్‌కే16తో మొదలుపెట్టింది ఇందుకే, 1.62 అన్న అంకె గాజు పేరు చెప్పదు. ఆరు నెలలు రుద్ది, పైన చెప్పిన కొలతలకే జంట చేసి, నక్షత్రం మీద పెట్టాను. ఐపీస్‌ని ఫోకస్‌కి లోపలికి జరిపితే వెలుగు చక్రం అంచు నీలంగా ఉంది, బయటికి లాగితే ఎర్రగా ఉంది. సరైన జంటలో లోపల అంచు ఊదాగా, బయట అంచు పసుపుపచ్చగా రావాలి. ఫోకస్‌కి ముందు ఏ రంగు అంచున కనిపిస్తే ఆ రంగు ఇంకా దూరంగా కూడుతోందని అర్థం. నీలం దూరం వెళ్లిపోయిందంటే ఫ్లింట్ అవసరానికి మించి దిద్దేసింది.

మిగిలిన ముక్కతో చిన్న పట్టకం చేసి స్పెక్ట్రోమీటర్ మీద హైడ్రోజన్ గొట్టంతో కొలిచాను. మన ల్యాబుల్లో ఉండే పాదరసం దీపం ఇక్కడ సరిపోదు, దాని గీతలు వేరు, వాటితో వచ్చే విలువని కేటలాగు అంకెతో నేరుగా పోల్చకూడదు. 60 డిగ్రీల ఫ్లింట్ పట్టకంలో C, F గీతల మధ్య దాదాపు 100 నిమిషాలు వస్తుంది, వెర్నియర్‌లో ఒక నిమిషం తప్పినా నూటికి ఒకటే తప్పు. క్రౌన్‌లో అయితే ఆ ఎడం 43 నిమిషాలే, కాబట్టి క్రౌన్‌ని కోడ్ ఉన్న గాజుగా కొనుక్కోవడమే మేలు. నా ఫ్లింట్‌కి 35.4 వచ్చింది. ఒక్క అంకె తేడా! ఆ ఒక్కటే ఎరుపు నీలాల్ని ఒక మిల్లీమీటరు విడదీసింది, ఇందాక చెప్పిన ఊదా మిగులుకి రెట్టింపు.

మొత్తం పారేయలేదు. క్రౌన్‌ని అలాగే ఉంచి, ఫ్లింట్ వెనక తలాన్ని మాత్రం మళ్లీ గ్రైండ్ చేసి దాని నాభ్యంతరం 764 నుంచి 786కి తెచ్చాను. జంట నాభ్యంతరం 1000 నుంచి 965కి తగ్గింది, గొట్టం మూడున్నర సెంటీమీటర్లు కోశాను. ఆ రాత్రి అభిజిత్ నక్షత్రం మీద పెట్టి ఐపీస్ లోపలికి జరిపితే అంచు ఊదాగా వచ్చింది.