గ్యాస్ తగ్గిందా, కండెన్సర్ మూసుకుపోయిందా?

అందరికీ నమస్కారం.

ఏప్రిల్ వచ్చిందంటే గుంటూరులో నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకేలా మొదలవుతాయి. "ఏసీ చల్లగా రావట్లేదండీ, కాస్త గ్యాస్ పట్టాలి." గ్యాస్ తగ్గిందని ముందే తేల్చేసుకుని ఫోన్ చేస్తారు. కానీ ఏసీలో గ్యాస్ వాడే కొద్దీ అరిగిపోయేది కాదు. రాగి పైపుల్లో తిరుగుతూ గదిలోని వేడిని తీసుకెళ్లి బయట యూనిట్‌లో వదులుతుంది, మళ్లీ లోపలికి వస్తుంది. అది నిజంగా తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే.

మొన్న మిర్చి సీజన్‌లో యార్డు దగ్గర ఒక ఇంటికి వెళ్లాను. ఒకటిన్నర టన్ను ఏసీ, ఆర్32 గ్యాస్. రాత్రి బాగానే చల్లబడుతుందట. మధ్యాహ్నం రెండింటికి వేస్తే అరగంటకు బయట కంప్రెసర్ ఆగిపోతుందట, కాసేపటికి మళ్లీ అదే స్టార్ట్ అవుతుందట. రెండు వారాల క్రితం ఎవరో వచ్చి గ్యాస్ పట్టి వెళ్లారు. అప్పటి నుంచి ఇంకా త్వరగా ఆగిపోతోందని ఆ ఇంటాయన చెప్పారు.

రాత్రి బాగుండి మధ్యాహ్నం చేతులెత్తేస్తోంది అన్న మాట దగ్గరే నాకు అనుమానం బయట యూనిట్‌లో వేడిని వదిలే కండెన్సర్ మీదకు వెళ్లింది. అవుట్‌డోర్ యూనిట్ వెనక్కి వెళ్లి చూస్తే, అల్యూమినియం రేకుల సందుల్లో దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. గాలి వెళ్లడానికి దారే లేదు. క్లాంప్ మీటర్ పెడితే 9 ఆంపియర్లు చూపించింది. యూనిట్‌కు అంటించిన కంపెనీ ప్లేటు మీద రాసింది 7. వేడి బయటకు పోకపోతే కండెన్సర్‌లో ప్రెషర్ పెరుగుతుంది, ఆ ప్రెషర్‌కు ఎదురుగా నెట్టాలి కాబట్టి కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కి ఓవర్‌లోడ్‌లో ట్రిప్ అవుతుంది. దానికి అదనంగా గ్యాస్ కలిపితే ప్రెషర్ ఇంకా పెరుగుతుంది.

ఎంసీబీ ఆపి, లోపలి వైపు నుంచి బయటికి, మెల్లగా నీళ్లు కొట్టి కడిగాం. గట్టిగా కొడితే రేకులు వంగి మళ్లీ మూసుకుపోతాయి. కరెంటు తగ్గింది గానీ ఇంకా 7 దాటే ఉంది. ఉన్న గ్యాసంతా రికవరీ సిలిండర్‌లోకి లాగి తూచాం. ప్లేటు మీద 780 గ్రాములుంటే, 930 బయటికి వచ్చింది. ఆ ఏసీలో గ్యాస్ ఎప్పుడూ తగ్గనే లేదు.

లీక్ ఉన్న ఏసీ లక్షణాలు దీనికి ఎదురుగా ఉంటాయి. పగలూ రాత్రీ ఒకేలా చల్లదనం తగ్గుతుంది, అదీ వారాల తరబడి మెల్లగా. కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, కరెంటు మాత్రం ప్లేటు మీద రాసిన దానికన్నా తక్కువే లాగుతుంది. బయట ఫ్యాన్ ముందు చెయ్యి పెడితే రావాల్సినంత వేడి గాలి రాదు. సన్న పైపు మీద మంచు పడుతుంది, లావు పైపు మాత్రం చల్లగా ఉండదు. పైపు జాయింట్ దగ్గర జిడ్డు మరక కనిపిస్తే దాదాపు ఖాయమే, ఎందుకంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొంచెం కారుతుంది. ఒక్క జాగ్రత్త. ఇండోర్ ఫిల్టర్ మూసుకుపోయినా మంచు పడుతుంది, గేజిలో ప్రెషర్ తక్కువ చూపిస్తుంది. అది చూసి గ్యాస్ పట్టేసేవాళ్లున్నారు.

గేజిని మాత్రమే నమ్మొద్దని నేను పదే పదే అనేది అందుకే. ఎండ 42 డిగ్రీలున్నప్పుడు కనిపించే ప్రెషర్ వేరు, 30 ఉన్నప్పుడు కనిపించేది వేరు. పైగా లీకూ మురికీ రెండూ ఉన్న ఏసీలో, మురికి వల్ల ప్రెషర్ పెరిగి అంతా మామూలుగానే కనిపిస్తుంది. ముందు ఫిల్టరూ కండెన్సరూ కడగాలి, తర్వాతే కొలవాలి.

లీకే అని తేలితే పని పెద్దదే. మిగిలిన గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగాలి. గాల్లోకి వదలకూడదు, ఆర్32 నిప్పంటుకునే గుణమున్న గ్యాస్. తర్వాత నైట్రోజన్ నింపి జాయింట్ల మీద సబ్బునీళ్లు రాసి బుడగలు వెతకాలి. లీక్ సరిచేశాక వాక్యూమ్ పంపుతో లోపలి ప్రెషర్‌ను 500 మైక్రాన్ల దాకా లాగి, పంపు ఆపి, ఆ రీడింగ్ మళ్లీ ఎక్కకుండా నిలబడుతుందో లేదో చూడాలి. లోపల తేమ మిగిలితే నూనెతో కలిసి యాసిడ్ అవుతుంది, కంప్రెసర్ వైండింగ్‌ను తినేస్తుంది. చివరగా ప్లేటు మీదున్న బరువు ప్రకారం కాటా మీద తూచి గ్యాస్ పట్టాలి.

బ్రాడీపేటలో ఒక టీచరమ్మ గారు రెండు వేసవులు వరసగా టాప్‌అప్ చేయించుకున్నారు. రెండుసార్లూ నాలుగైదు నెలలకే చల్లదనం పోయింది. తక్కువ గ్యాస్‌తో అన్ని నెలలు నడిస్తే కంప్రెసర్ చల్లబడేదెలా? దాన్ని చల్లబరిచేది తిరిగొచ్చే ఆ గ్యాసే మరి. సబ్బునీళ్లు రాయగానే అవుట్‌డోర్ దగ్గర సన్న పైపు ఫ్లేర్ నట్టు చుట్టూ బుడగలు లేచాయి. నట్టు విప్పి చూస్తే పైపు అంచు వెంట్రుకవాసి చీలి ఉంది. ఆ ముక్క కోసేసి కొత్తగా ఫ్లేర్ చేశాం. ఆవిడ ఏసీ మళ్లీ గ్యాస్ అడగలేదు, కంప్రెసర్ కూడా దక్కింది.